సమ్ టీనా, ఎనీ టీనా: ప్రశ్న గుర్తును చూసి మోసపోవద్దు

హనుమకొండలో కోచింగ్ తీసుకునే విద్యార్థుల నోటుబుక్కుల్లో ఒక సూత్రం తప్పకుండా కనిపిస్తుంది: "పాజిటివ్ వాక్యంలో సమ్, నెగెటివ్ వాక్యంలో ఎనీ, ప్రశ్నలో ఎనీ." దీన్ని బట్టీ పట్టిన విద్యార్థికి పరీక్షలో "వుడ్ యూ లైక్ ___ టీ?" అనే ఖాళీ వస్తుంది. చివర ప్రశ్న గుర్తు ఉంది కాబట్టి ధీమాగా "ఎనీ" నింపుతాడు. జవాబు పత్రంలో మాత్రం "సమ్" ఉంటుంది. అప్పుడు నోటుబుక్కులో సూత్రం కింద ఇంకో వాక్యం చేరుతుంది: "ఆఫర్, రిక్వెస్ట్ అయితే సమ్." రెండూ కలిపి చదువుకున్నా చిక్కు తీరదు. ఎందుకంటే ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లే "వుడ్ యూ లైక్ ఎనీ మోర్ టీ?" అంటారు, "డూ యూ నీడ్ ఎనీ హెల్ప్?" అంటారు. ఇవి రెండూ ఇవ్వజూపే మాటలే. రెండింటిలోనూ ఉన్నది ఎనీయే.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "వుడ్ యూ లైక్ ఎనీ టీ?" వ్యాకరణం ప్రకారం తప్పు వాక్యం కాదు. ఆ సందర్భంలో అది చేసే పని వేరు, అంతే. పరీక్షలో సమ్ అని గుర్తు పెట్టడం సరైనదే, ఎందుకంటే వేరే సందర్భం ఇవ్వని వాక్యాన్ని అతిథికి టీ ఇవ్వజూపే మాటగానే చదువుకుంటాం. కానీ ఎవరైనా మాట్లాడుతుంటే, లేదా ఒక ఉత్తరం దిద్దుతుంటే, ఎనీ కనిపించిన ప్రతిచోటా ఎర్ర సిరాతో కొట్టేయడం సరికాదు. అడిగేవాళ్లు ఏ జవాబు వస్తుందనుకుని అడుగుతున్నారో ముందు చూడాలి.

సమ్ వాడిన ప్రశ్న వెనుక "అవును అంటారులే" అన్న నమ్మకమో, "అవును అనాలి" అన్న కోరికో ఉంటుంది. ఎనీ వాడిన ప్రశ్నకు అలాంటి మొగ్గు ఉండదు. ఉందో లేదో, కావాలో వద్దో అడిగేవాళ్లకు తెలియదు, ఏ జవాబైనా ఫరవాలేదు. అతిథి వచ్చి కూర్చున్నాక టీ ఇవ్వజూపేటప్పుడు మనం కోరుకునేది "అవును" అనే మాటే. అందుకే అక్కడ సమ్ సహజంగా కూర్చుంటుంది. ఎనీ పెడితే, "తాగితే తాగండి, లేకపోతే లేదు" అన్నట్టు కొంచెం దూరంగా వినిపిస్తుంది. అది అమర్యాద కాదు, కానీ ఆదరణ తగ్గుతుంది. విమానంలో ట్రాలీ తోసుకుంటూ వరసగా అందరినీ "ఎనీ టీ, కాఫీ?" అని అడిగేచోట ఆ తటస్థతే సరిగ్గా సరిపోతుంది. నలభై మందిలో ఎవరికి కావాలో అడిగేవాళ్లకు తెలియదు, ఎవరినీ బతిమాలే పని కూడా లేదు.

ఈ మొగ్గు చాలా సన్నగా ఉంటుందని అనుకోవచ్చు. దాని బరువెంతో కొలిచి చూసినవాళ్లున్నారు. జాన్ హెరిటేజ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2007లో అమెరికాలో 20 మంది డాక్టర్లతో ఒక పరిశీలన ప్రచురించారు. చూసిన రోగులు 224 మంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందే రోగులు తమ బాధలన్నీ ఒక కాగితం మీద రాశారు. రోగి తన ముఖ్యమైన బాధ చెప్పాక, కొందరు డాక్టర్లు "ఈరోజు ఇంకేమైనా చెప్పాలా?" అనే ప్రశ్నను "సమ్‌థింగ్ ఎల్స్" పెట్టి అడిగారు, కొందరు "ఎనీథింగ్ ఎల్స్" పెట్టి అడిగారు. మిగతా ప్రశ్నంతా ఒక్కటే. ఒకటి కంటే ఎక్కువ బాధలు రాసిన రోగుల్లో, సమ్ విన్నవాళ్లు 90.3 శాతం "ఉంది" అన్నారు. ఎనీ విన్నవాళ్లలో అలా అన్నది 53.1 శాతమే. చెప్పుకోవలసిన బాధ ఉండి కూడా దాదాపు సగం మంది "ఏం లేదు" అనేలా చేసింది ఆ ఒక్క మాటే. ఇంగ్లిష్‌లో "ఎనీథింగ్ ఎల్స్?" అనే మాటను పని ముగించేముందు, దుకాణంలో బిల్లు వేసేముందు అంటుంటారు. ఆ అలవాటు వల్ల అది వినగానే "ఇక చాలు" అన్న సంకేతం అందుతుంది.

తెలుగు క్రియతో సరిచూడటం

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక మంచి సాధనం చేతిలోనే ఉంది. మన భాషలో ప్రశ్న చివర వచ్చే క్రియే ఆ ప్రశ్న ఏ పని చేస్తోందో చెప్పేస్తుంది. ఇంగ్లిష్ వాక్యం రాయగానే, అదే మాటను ఇంట్లో అన్నట్టు తెలుగులో అనుకుని, చివరి క్రియ మీద దృష్టి పెట్టాలి.

చివర "ఇయ్యనా, పొయ్యనా, పెట్టనా, తాగుతరా, తింటరా" లాంటి క్రియ వస్తే అది ఇవ్వజూపడం. వరంగల్ ఇళ్లలో "చాయ్ తాగుతరా?", "జర నీళ్లు ఇయ్యనా?" అన్నప్పుడు ఎవరూ సమాచారం సేకరించడం లేదు. ఇంగ్లిష్‌లో అక్కడ సమ్. చివర "ఇస్తరా, పెడ్తరా, పోస్తరా" అని ఎదుటివాళ్లను అడిగితే అది కోరడం. "జర నీళ్లు ఇస్తరా?" అన్నవాళ్లకు నీళ్లు కావాలి, ఇస్తారనే అడుగుతున్నారు. అక్కడా సమ్: "కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?" ఇదే చోట "కుడ్ ఐ హ్యావ్ ఎనీ వాటర్?" అంటే వినేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, ఏమడుగుతున్నారో అర్థం కాక.

చివర "ఉందా, ఉన్నయా, వచ్చిందా, తెచ్చినవా" లాంటి క్రియ వస్తే, చాలాసార్లు అది నిజంగా తెలియక అడగడమే. "ఇంట్ల పాలు ఉన్నయా?" అన్న ప్రశ్నకు "ఉన్నయి" అన్నా "లేవు" అన్నా సరైన జవాబే. అక్కడ ఎనీ: "ఈజ్ దేర్ ఎనీ మిల్క్?" ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన వ్యాపారి ఒక కమీషన్ దుకాణంలో తేజ మిర్చి ఉందో లేదో తెలియక అడిగితే "డూ యూ హ్యావ్ ఎనీ తేజ మిర్చి?" అంటాడు. ఉందని తెలిశాక నమూనా చూపించమంటే "కెన్ ఐ సీ సమ్?" అంటాడు. మనిషి అతనే, సరుకు అదే, చోటు అదే. మొదటిది "ఉందా", రెండోది "చూపిస్తరా". క్రియ మారగానే మాట మారింది.

"తెచ్చినవా" రకం ప్రశ్నలో మాత్రం ఇంకో మెట్టు ఉంది. ఊరి నుంచి వచ్చిన తమ్ముడి చేతిలో సంచి ఉబ్బి కనిపిస్తోంది, నువ్వుల వాసన వస్తోంది. అప్పుడు అక్క "హ్యావ్ యూ బ్రాట్ సమ్ సకినాలు?" అంటే, తెచ్చావని తెలిసిపోయింది, ఒప్పుకో అని అర్థం. సంచి కనపడనప్పుడు, ఏమీ తెలియనప్పుడు అయితే "ఎనీ". తెలుగులో ఈ తేడా క్రియలో కనిపించదు. "సకినాలు తెచ్చినవ్ కదా?" అన్నప్పటి "కదా"లోనో, గొంతులోనో ఉంటుంది. అందుకే క్రియతో సరిచూశాక ఇంకో చిన్న ప్రశ్న వేసుకోవాలి: జవాబు నాకు ముందే సగం తెలుసా? తెలిస్తే, వాక్యం సమాచార ప్రశ్నలా ఉన్నా సమ్ వస్తుంది. "ఈజ్ సమ్‌థింగ్ రాంగ్?" అంటే ముఖం చూసి అనుమానపడి అడిగినట్టు. "ఈజ్ ఎనీథింగ్ రాంగ్?" అంటే ఊరికే కనుక్కున్నట్టు.

ఒక్క మాట మారితే వాక్యం పనే మారిపోతుందని చూపే అందమైన ఉదాహరణ ఇంకొకటుంది. "వై డోంట్ యూ హ్యావ్ సమ్ టీ?" అంటే "చాయ్ తాగరాదూ" అని ఆహ్వానించడం. "వై" అని మొదలైనా అక్కడ కారణం ఎవరూ అడగడం లేదు. సమ్ తీసి ఎనీ పెడితే "వై డోంట్ యూ హ్యావ్ ఎనీ టీ?" అవుతుంది. దానర్థం "మీ దగ్గర చాయ్ ఎందుకు లేదు?" అని నిలదీయడం. ఆహ్వానం కాస్తా ఫిర్యాదయింది. "వోంట్ యూ హ్యావ్ సమ్ టీ?" కూడా అంతే. సమ్‌తో ఆప్యాయంగా ఉన్న మాట, ఎనీ పెట్టగానే "అస్సలు తాగవా?" అన్న ఆశ్చర్యంగా మారుతుంది. "హౌ అబౌట్ సమ్ టీ?", "షల్ ఐ మేక్ సమ్ టీ?" అనేవాటిలో ఎనీకి చోటే లేదు.

"ఏమన్న" దగ్గర వచ్చే చిక్కు

క్రియతో చేసే ఈ పరీక్ష ఒకచోట తడబడుతుంది. తెలుగులో "ఏమైనా", మన వైపు "ఏమన్న", సమ్‌థింగ్ చేసే పనీ చేస్తుంది, ఎనీథింగ్ చేసే పనీ చేస్తుంది. "ఏమన్న తింటరా?" అనే మాటను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు చాలామంది కళ్లు మూసుకుని ఎనీథింగ్ పెట్టేస్తారు. "వుడ్ యూ లైక్ ఎనీథింగ్ టు ఈట్?" తప్పు కాదు, చాలామంది అంటారు కూడా. కానీ వంటింట్లో అన్నీ సిద్ధంగా ఉండి, తిని వెళ్లాలని మనసులో ఉంటే "సమ్‌థింగ్ టు ఈట్" అనడమే ఆ మనసుకు తగిన మాట.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది, సూత్రాలు రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. ఇంట్లోంచి బయల్దేరుతూ "చౌరస్తాకు పోతున్న, ఏమన్న తేవాల్నా?" అని అడుగుతారు. తెచ్చిపెడతానంటున్నారు కాబట్టి ఇది ఇవ్వజూపడమే. అయినా ఇంగ్లిష్‌లో సహజమైన మాట "డూ యూ వాంట్ ఎనీథింగ్ ఫ్రమ్ ద షాప్?" అనేదే. ఎందుకంటే ఇక్కడ ఇవ్వడానికి చేతిలో వస్తువు లేదు, ఏం కావాలో తెలియదు, అసలు ఏమైనా కావాలో లేదో కూడా తెలియదు. "ఏం వద్దు" అన్నా చిన్నబుచ్చుకునేదేం లేదు. సాయం సంగతీ ఇంతే. "డూ యూ నీడ్ ఎనీ హెల్ప్?" అన్నప్పుడు, ఎదుటివాళ్లు అసమర్థులన్న ఊహ లేకుండా దారి తెరిచి పెట్టినట్టుంటుంది. బరువైన సూట్‌కేసుతో కాజీపేట జంక్షన్ మెట్లెక్కుతూ ఆయాసపడే పెద్దావిడను చూశాక మాత్రం "వుడ్ యూ లైక్ సమ్ హెల్ప్?" అనడమే మేలు. అవసరం కళ్ల ముందే ఉంది మరి.

కాబట్టి "ఆఫర్ అయితే సమ్" అన్న రెండో సూత్రాన్ని ఇలా సవరించుకుంటే నిలబడుతుంది: ఇచ్చే వస్తువు చేతిలోనో, కళ్ల ముందో, కనీసం మనసులోనో ఉండి, తీసుకోవాలని కోరుకుంటే సమ్. ఏమిటో తెలియకుండా, కావాలో వద్దో తేల్చుకోవడం ఎదుటివాళ్లకే వదిలేస్తే ఎనీ. కోరేటప్పుడు కూడా ఇదే సవరణ పనిచేస్తుంది. "కెన్ యూ గివ్ మీ ఎనీ ఇన్ఫర్మేషన్ అబౌట్ ద బస్?" అనే వాక్యం సహజమైనదే, ఎంత సమాచారం ఉన్నా, కొంచెమే అయినా చాలని అడిగేవాళ్లు భావిస్తున్నారు కాబట్టి.

ఇక "మోర్" సంగతి. "సమ్ మోర్ టీ?", "ఎనీ మోర్ టీ?" రెండూ రోజూ వినిపించేవే. మన ఇళ్లలో "ఇంకింత ఎయ్యనా?" అని గంటె అన్నం మీదికి తెచ్చి అడిగే తీరుకు సరిపోయేది సమ్ మోర్. అతిథి కడుపు నిండిందేమో, బలవంతం చేయొద్దని అనుకునే చోట ఎనీ మోర్. ఇక్కడ ఎనీ మర్యాదను పెంచుతుంది కూడా, ఎందుకంటే "చాలు" అనే స్వేచ్ఛను ముందే ఇచ్చేస్తుంది.

పక్కనున్న నామవాచకం

సమ్, ఎనీ ఎంచుకోవడం సరిగ్గా జరిగినా వాక్యం చెడిపోయే చోటు ఇంకొకటుంది, అది వాటి పక్కన వచ్చే నామవాచకం. ఇవ్వజూపే మాటల్లో సమ్ పక్కన లెక్కకు రాని నామవాచకం గానీ బహువచనం గానీ ఉండాలి. "సమ్ టీ", "సమ్ బిస్కెట్స్" సరైనవి. "సమ్ బిస్కెట్" అంటే బిస్కెట్ ముక్క ఏదో కొంత అన్నట్టు ఉంటుంది. ఒకటే ఇస్తుంటే "ఎ బిస్కెట్" అనాలి. ఎనీకీ ఇదే వర్తిస్తుంది. క్లాసులో పెన్ను మరిచిపోయినవాళ్లు పక్కవాళ్లను "డూ యూ హ్యావ్ ఎనీ పెన్?" అని అడగడం మన దగ్గర బాగా వినిపిస్తుంది. ఒక్క పెన్ను చాలనుకున్నప్పుడు "డూ యూ హ్యావ్ ఎ పెన్?" అనాలి. పాఠం చివర "ఎనీ డౌట్?" అనే మాట కూడా ఈ కోవదే, "ఎనీ క్వశ్చన్స్?" అంటే నిండుగా ఉంటుంది. ఈ తప్పు మూలం తెలుగులోనే ఉంది. "పెన్ను ఏమన్న ఉన్నదా?" అని మనం ఏకవచనంతోనే అడుగుతాం, అదే ఇంగ్లిష్‌లోకి దిగుతుంది.

"కొంచెం" అనే మాటతో వచ్చే తప్పు ఇంకో రకం. "కొంచెం చాయ్ తాగుతరా?" అన్నప్పుడు ఆ కొంచెం పరిమాణం కాదు, మాటను మెత్తబరిచేది. దాన్ని పరిమాణంగా తీసుకుని "వుడ్ యూ లైక్ లిటిల్ టీ?" అంటారు కొందరు. ముందు "ఎ" లేకపోవడం ఒక తప్పు. ఉన్నా కూడా "ఎ లిటిల్ టీ" అంటే తక్కువే పోస్తామని చెప్పినట్టు అవుతుంది. ఆ మెత్తదనాన్ని ఇంగ్లిష్‌లో మోసేది సమ్. సమ్ ఎంత అన్నది చెప్పదు. నిండు గ్లాసైనా సరే, అర గ్లాసైనా సరే.

మూడో దారి కూడా ఉందని మరవకూడదు. అసలు రెండూ లేకుండా అడగడం. "టీ ఆర్ కాఫీ?" "డూ యూ టేక్ షుగర్?" ఇక్కడ అడిగేది ఎంత అని కాదు, ఏ రకం అని, లేదా అలవాటు ఉందా అని. రకాన్ని అడిగేచోట సమ్, ఎనీ లేకపోవడమే మంచి ఇంగ్లిష్.

పలికే తీరు గురించి రెండు మాటలు. "సమ్ టీ" అన్నప్పుడు బరువు టీ మీద పడాలి. సమ్ చిన్నగా, అచ్చు దాదాపు మింగేసి, "స్మ్"కు దగ్గరగా వెళ్లిపోతుంది. రెండు మాటలకూ సమానమైన బరువిచ్చి సమ్‌ను గట్టిగా పలికితే "కొంత మాత్రమే, అంతా కాదు" అన్న అర్థం తొంగిచూస్తుంది. వెనక నామవాచకం లేకుండా "వుడ్ యూ లైక్ సమ్?" అని ఆగినప్పుడు మాత్రం పూర్తి అచ్చుతో సమ్ అనే పలకాలి.

జవాబు చెప్పేవాళ్లు కూడా ఒకచోట జారిపడతారు. ప్రశ్నలో సమ్ ఉంది కదా అని "నో, ఐ డోంట్ వాంట్ సమ్" అంటారు. ప్రశ్నలో ఏమున్నా, జవాబుకు దాని సొంత లెక్క ఉంటుంది. వద్దన్నప్పుడు "ఐ డోంట్ వాంట్ ఎనీ, థ్యాంక్స్", కావాలన్నప్పుడు "యెస్, ఐ వుడ్ లైక్ సమ్". "యెస్, ఎనీ" అంటే "ఏదైనా ఫరవాలేదు" అని ఇంకో అర్థం వస్తుంది. మామూలు మాటల్లో "యెస్, ప్లీజ్", "నో, థ్యాంక్స్" అంటే సరిపోతుంది, ఈ గొడవే ఉండదు.

ఒక సంభాషణను దిద్దితే

ఇప్పుడు ఒక అభ్యాసాన్ని వరసగా దిద్ది చూద్దాం. ఎండాకాలం మధ్యాహ్నం, కాజీపేటలో రైలు దిగి హనుమకొండలో ఒక ఇంటికి అతిథి వచ్చారు. ఇంటివాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. విద్యార్థి రాసిన వాక్యాలు ఆరు.

మొదటిది "వుడ్ యూ లైక్ ఎనీ వాటర్?" ఇంట్లో అయితే "నీళ్లు ఇయ్యనా?" అంటాం. నిజానికి మన దగ్గర చాలాసార్లు అడగనే అడగం, గ్లాసు చేతికిస్తాం. ఎండన పడి వచ్చినవాళ్లకు నీళ్లు కావాలనే అనుకుంటాం. కాబట్టి ఎనీ తీసి సమ్ పెట్టాలి. ఆరు వాక్యాల్లో తప్పనిసరిగా మార్చవలసిన వాటిలో ఇది మొదటిది.

రెండోది "డూ యూ హ్యావ్ ఎనీ లగేజ్?" తెలుగులో "సామాను ఉన్నదా?" చివరి క్రియ "ఉన్నదా", జవాబు తెలియదు, ఎనీ సరైనదే. లగేజ్ లెక్కకు రాని నామవాచకం, చివర "స్" చేర్చలేదు, అది కూడా బాగుంది. కానీ గుమ్మం ముందే సూట్‌కేసు కనిపిస్తుంటే ఈ ప్రశ్నే అనవసరం. "షల్ ఐ టేక్ యువర్ బ్యాగ్?" అని అడగాలి. అక్కడ సమ్, ఎనీ రెండింటికీ పని లేదు.

మూడోది "డూ యూ టేక్ ఎనీ షుగర్ ఇన్ యువర్ టీ?" ఈ వాక్యాన్ని చాలామంది దిద్దేవాళ్లు, టీ సంగతి కాబట్టి ఆఫర్ అనుకుని, సమ్‌గా మారుస్తారు. అది పొరపాటు. ఇక్కడ చక్కెర తీసుకోమని ఇంటివాళ్లు బతిమాలడం లేదు. షుగర్ ఉన్నవాళ్లేమో, చక్కెర లేకుండా తాగుతారేమో, తెలుసుకుంటున్నారు. ఎనీ ఉంచవచ్చు. ఉత్తమమైనది ఎనీ కూడా తీసేసిన "డూ యూ టేక్ షుగర్?"

నాలుగోది "విల్ యూ హ్యావ్ ఎనీ సకినం?" రెండు తప్పులున్నాయి. పళ్లెం ముందు పెట్టి అడుగుతున్నారు, తినాలనే కోరిక. కాబట్టి సమ్. పళ్లెంలో ఉన్నవి చాలా, కాబట్టి బహువచనం. "విల్ యూ హ్యావ్ సమ్ సకినాలు?" ఎనీని మార్చి నామవాచకాన్ని అలాగే వదిలేస్తే "సమ్ సకినం" అవుతుంది, తప్పు సగమే పోతుంది. దిద్దేటప్పుడు రెండింటినీ ఒకేసారి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఐదోది "వుడ్ యూ లైక్ సమ్ మోర్ టీ?" దీన్ని ముట్టుకోవద్దు. అదే విద్యార్థి "ఎనీ మోర్" అని రాసినా ముట్టుకోవద్దు. ఏది మేలన్నది గ్లాసు ఖాళీ అయిందా, అతిథి ముఖం ఏమంటోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది, కాగితం మీద అది కనిపించదు.

ఆరోది "డూ యూ వాంట్ సమ్‌థింగ్ ఎల్స్?" దీన్ని చాలామంది తటపటాయించకుండా ఎనీథింగ్ ఎల్స్‌గా మారుస్తారు. పళ్లెం, గ్లాసులు తీసేస్తూ అడిగితే ఆ మార్పు సరైనదే. అతిథి ఏదో చెప్పబోయి ఆగినట్టు కనిపిస్తే సమ్‌థింగ్‌నే ఉంచాలి. పైన చెప్పిన రోగుల సంగతి ఇక్కడ పనికొస్తుంది. మొహమాటంతో ఉన్నవాళ్ల నోట "ఉంది" అనిపించేది సమ్‌థింగే. ఆస్పత్రి కౌంటర్లో, బ్యాంకులో, కాలేజీ ఆఫీసులో ఇంగ్లిష్‌లో మాట్లాడవలసిన ఉద్యోగి కూడా ఈ ఆరో వాక్యాన్ని రెండు రకాలుగా పలకడం నేర్చుకోవాలి. వరసలో జనం ఉండి, పని అయిపోయిందని తెలిసినప్పుడు "ఎనీథింగ్ ఎల్స్?" ఎదురుగా ఉన్న మనిషి కాగితాలు మడుస్తూ ఇంకా లేవకుండా కూర్చుంటే "ఈజ్ దేర్ సమ్‌థింగ్ ఎల్స్?"